స్లిమ్, స్లెండర్, ల్యాంకీ, ప్లంప్, స్టౌట్: ఒంటితీరు చెప్పే ఐదు ఇంగ్లీషు మాటలు ఎలా వాడాలి?

పండక్కి ఇంటికెళ్తే పిన్ని గుమ్మంలోనే ఆపి "ఏంట్రా, ఇలా చిక్కిపోయావు! అక్కడ తిండి పెట్టట్లేదా?" అంటుంది. అది ప్రేమ. పక్కింటి బామ్మగారు "కాస్త ఒళ్ళు చేశావమ్మా, ఇప్పుడు బాగున్నావు" అంటుంది. అదీ ప్రేమే. తెలుగులో ఒంటి మీద మాటంటే సగం కుశలప్రశ్న. ఈ అలవాటునే ఇంగ్లీషులోకి దించి, ఆఫీసులో సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషితో "యూ హావ్ బికమ్ హెల్తీ" అంటే ఇబ్బంది మొదలవుతుంది. వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు, మనసులో చెడు లేదు. అయినా అవతలి మనిషి మొహం మాడుతుంది, లేదా మీరేమన్నారో అర్థంకాక తెల్లమొహం వేస్తారు.

ఇంగ్లీషులో శరీరం తీరు చెప్పడానికి స్కూల్లో నేర్పే మాటల్లో స్లిమ్, స్లెండర్, ల్యాంకీ, ప్లంప్, స్టౌట్ అనే ఐదూ తప్పకుండా ఉంటాయి. పుస్తకం వీటికి సన్నని, నాజూకైన, పొడవుగా సన్నగా ఉన్న, బొద్దుగా ఉన్న, లావుగా ఉన్న అని అర్థాలు ఇచ్చి వదిలేస్తుంది. ఆ అర్థాలు సరైనవే. ఏ మాట ఎవరి గురించి, ఎవరి ముందు అనొచ్చో మాత్రం వాటిలో ఉండదు. కింద చెప్పేది ఆ సంగతే.

మొదటి పని: మనిషిని చూసి మూడు ప్రశ్నలు వేసుకోండి

మాట వెతుక్కునే ముందు ఆకారాన్ని సరిగ్గా చూడాలి. ఎత్తు ఎంత? ఒంట్లో కండ, కొవ్వు ఎంత? ఆ ఒళ్ళు ఎలా కుదిరింది, అంటే పొందికగా ఉందా, వేలాడుతున్నట్టుందా, గట్టిగా ఉందా, మెత్తగా ఉందా? తెలుగులో "సన్నం", "లావు" అనే రెండు మాటలతో చాలావరకు గడిచిపోతుంది కాబట్టి మనం రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. ఈ ఐదు ఇంగ్లీషు మాటల్ని విడదీసేది ఎక్కువగా మూడో ప్రశ్నే.

స్లిమ్, స్లెండర్, ల్యాంకీ మూడూ సన్నని ఒంటికే చెందుతాయి. పొందికగా, ఆరోగ్యంగా కనిపించే సన్నదనం స్లిమ్. అదే సన్నదనంలో సొగసు కూడా కనిపిస్తే స్లెండర్. సన్నగా ఉంటూ బాగా పొడవై, చేతులూ కాళ్ళూ ఒంటికి ఇంకా అలవాటు పడనట్టు ఉంటే ల్యాంకీ. ఇక ప్లంప్, స్టౌట్ రెండూ లావుకు చెందుతాయి. మెత్తగా, గుండ్రంగా, కాస్త నిండుగా ఉంటే ప్లంప్. మందంగా, బరువుగా, గట్టిగా ఉంటే స్టౌట్.

తేడా పట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్దాం. పాయసం కోసం కిస్మిస్‌ను నెయ్యిలో వేయిస్తే ముడతలు పోయి గుండ్రంగా ఉబ్బుతుంది చూశారా, అదీ ప్లంప్ అంటే. ఇంగ్లీషు వంటల పుస్తకాల్లో నానిన కిస్మిస్‌కు నిజంగానే ఆ మాట వాడతారు. స్టౌట్‌కు రోలును తలచుకోండి: పొట్టిగా, మందంగా, నెట్టినా కదలకుండా. కిస్మిస్‌ను స్టౌట్ అనరు, రోలును ప్లంప్ అనరు. మనుషుల విషయంలోనూ అంతే.

రెండో పని: ఎవరికి చెబుతున్నారో తేల్చుకోండి

ఒకే మాట మూడు చోట్ల మూడు రకాలుగా పలుకుతుంది. ఆ మనిషితోనే అనడం ఒకటి. అతను లేనప్పుడు ఆనవాలు కోసం ఇంకొకరికి చెప్పడం రెండోది. కథలోనో వ్యాసంలోనో పాత్రను వర్ణించడం మూడోది. వ్యాసంలో ఐదు మాటలూ వాడుకోవచ్చు. ఆనవాలు చెప్పేటప్పుడు కొన్ని పనికొస్తాయి. ముఖం మీద అనడానికి కాస్త నిశ్చింతగా పనికొచ్చేది ఒక్క స్లిమ్ మాత్రమే. దానికీ షరతులున్నాయి.

ఇప్పుడు ఒక్కో మాట దగ్గర ఆగుదాం.

స్లిమ్

ఐదింటిలోనూ రోజూ వినబడేది ఇదే. ఆడా మగా తేడా లేదు, వయసు తేడా లేదు. మెచ్చుకోలుగా వాడతారు. తెలుగులో కూడా "స్లిమ్‌గా ఉంది" అంటున్నాం కాబట్టి దీనితో పెద్దగా తప్పు జరగదు. పొరపాటు జరిగేది దీని పక్కనున్న మాటలతో. థిన్ అంటే ఉత్త సన్నం. మెప్పు లేదు, ఒక్కోసారి "బాగా నీరసించాడు" అనే నీడ పడుతుంది. స్కిన్నీ అంటే బక్కచిక్కిన. చనువున్నవాళ్ళు తమ గురించి తామే సరదాగా అనుకుంటారు గానీ, కొత్తవాళ్ళను అనకూడదు. "మీ అబ్బాయి చాలా సన్నగా ఉన్నాడండీ" అని మీరు మంచి ఉద్దేశంతో "యువర్ సన్ ఈజ్ వెరీ స్కిన్నీ" అంటే, ఆ తల్లికి "బిడ్డకు తిండి పెట్టట్లేదు" అన్నట్టు వినిపిస్తుంది.

ఇంకో చిన్న మెలిక: "టూ స్లిమ్" అనే మాట సహజంగా వినిపించదు. స్లిమ్ అన్నాక అది మెచ్చదగిన కొలతలోనే ఉన్నట్టు లెక్క. కొలత దాటిందని చెప్పాలంటే "టూ థిన్" అంటారు. ఎవరైనా బరువు తగ్గితే "యూ బికేమ్ స్లిమ్" అనడం కూడా మన తర్జుమాయే. వాళ్ళనేది "యూ హావ్ లాస్ట్ వెయిట్" అనో, "యూ హావ్ స్లిమ్డ్ డౌన్" అనో.

స్లెండర్

మనకు దీనికి చక్కటి మాట ఉంది: నాజూకు. స్లిమ్ నోటి మాటైతే స్లెండర్ రాతలోని మాట. వార్తల్లో, నవలల్లో, నాట్యం గురించి రాసే వ్యాసాల్లో కనిపిస్తుంది. నలుగురూ కబుర్లాడుకునే చోట ఎవరినైనా స్లెండర్ అంటే మర్యాదగానే ఉంటుంది, కానీ పెళ్ళిపత్రిక భాషలో మాట్లాడినట్టు వినిపిస్తుంది.

దీని అసలు బలం అవయవాల దగ్గర బయటపడుతుంది. వేళ్ళు, మెడ, మణికట్టు, చీలమండ సన్నగా అందంగా ఉన్నాయని చెప్పాలంటే స్లెండర్‌ను మించిన మాట లేదు. స్లిమ్ ఫింగర్స్ అన్నా అర్థమవుతుంది గానీ, వీణ మీటే వేళ్ళు కళ్ళముందు కదలాలంటే స్లెండర్ ఫింగర్సే. నల్లమల, చిత్తూరు అడవుల్లో ఉండే దేవాంగపిల్లిని ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్ అంటారు. దాని పుల్లల్లాంటి చేతులూ కాళ్ళూ చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. మాట గుర్తుండకపోతే ఆ జంతువును గుర్తుపెట్టుకోండి.

మగవాళ్ళకు వాడొచ్చా? వాడొచ్చు. అయితే నేటి వాడుకలో స్త్రీల వర్ణనలోనే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి, మగవాళ్ళ విషయంలో స్లిమ్ గానీ, కండ పట్టి సన్నగా ఉంటే లీన్ గానీ నప్పుతుంది. పలికేటప్పుడు ఒక జాగ్రత్త: స్లెండర్‌లోని "లె"ను "లా" చేసి "స్లాండర్" అన్నారంటే అది వేరే మాట. దానికి అర్థం అపవాదు. మెచ్చుకోబోయి పరువునష్టం దాకా వెళ్తారు.

ల్యాంకీ

దీనికి తెలుగులో ఒక్క మాట లేదు, పోలికలున్నాయి. "రివటలా ఉన్నాడు", "తాటిచెట్టులా పెరిగాడు" అంటాం చూడండి, ఆ రెండింటినీ కలిపితే ల్యాంకీ. పదహారు పదిహేడేళ్ళ కుర్రాడు ఒక్క ఏడాదిలో జానెడు పొడుగు సాగి, పాత ప్యాంట్లు చీలమండ పైకి చేరి, గుమ్మం దాటేటప్పుడు తలా, కూర్చునేటప్పుడు మోకాళ్ళూ దేనికో ఒకదానికి తగులుతుంటే, అతను సరిగ్గా ల్యాంకీ.

ఎత్తు లేకుండా ఈ మాట లేదు. అయిదడుగుల రెండంగుళాల సన్నటి మనిషిని ల్యాంకీ అనడం తప్పు. అతను స్లిమ్ గానీ థిన్ గానీ అవుతాడు. ఇంగ్లీషు క్రికెట్ వార్తల్లో ఇషాంత్ శర్మను "ల్యాంకీ పేసర్" అని రాయడం చాలామంది చూసే ఉంటారు. అతని ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు. అబ్రహాం లింకన్‌దీ అంతే ఎత్తు, అతని వర్ణనల్లోనూ ఈ మాట తరచూ కనిపిస్తుంది.

మర్యాద సంగతికొస్తే ఇది తిట్టు కాదు, పొగడ్త కూడా కాదు. "అంత పొడుగు మనిషి, ఒళ్ళు మాత్రం ఇంకా కుదురుకోలేదు" అనే చిన్న నవ్వు ఇందులో దాగి ఉంటుంది. ఆటగాడి గురించి, పెరుగుతున్న కుర్రాడి గురించి, పాత్ర గురించి వాడితే ఎవరూ నొచ్చుకోరు. మీ పై అధికారిని ముఖం మీద ల్యాంకీ అంటే మాత్రం వెకిలిగా ఉంటుంది. ఆడవాళ్ళకు తక్కువగా వాడతారు. పొడవుగా సన్నగా ఉన్న స్త్రీ గురించి మర్యాదగా చెప్పాలంటే "టాల్ అండ్ స్లిమ్" చాలు. మెప్పును, ఎత్తును రెంటినీ అదే మోస్తుంది.

ప్లంప్

మనల్ని ఎక్కువగా పడగొట్టేది ఇదే. ఎందుకంటే దీనికి తెలుగు పుస్తకాల్లో ఇచ్చే "బొద్దుగా" అనే మాట మనకు ముద్దుమాట. బొద్దుగా ముద్దుగా ఉంది అంటాం, బూరెబుగ్గలు అంటాం. వెండితెర మీద కథానాయిక బొద్దుగా ఉంటే దాన్ని లోపంగా చూడని కాలం మనకు ఉంది. ఆ వాత్సల్యమంతా ప్లంప్‌లోనూ ఉంటుందనుకుంటాం.

ఉంటుంది, కానీ అన్నిచోట్లా కాదు. పసిపిల్లల విషయంలో ఉంటుంది. ప్లంప్ బేబీ అంటే తల్లి మురిసిపోతుంది. చెక్కిళ్ళ విషయంలో ఉంటుంది. పండ్ల విషయంలో, దిండ్ల విషయంలో, కోడి విషయంలో ఉంటుంది. నలిగిన దిండును తట్టి గుల్లగా చేయడాన్ని కూడా ఇదే మాటను క్రియగా మార్చి చెబుతారు. అంటే నిండుదనం మంచిదైన ప్రతిచోటా ప్లంప్ మంచి మాటే.

పెద్దవాళ్ళ ఒంటి దగ్గరికి వచ్చేసరికి అది "ఫ్యాట్" అనే మాట మీద కప్పిన పలచటి శాలువా అవుతుంది. ఫ్యాట్ కంటే మెత్తనే, సందేహం లేదు. ఊళ్ళో లేని మనిషి గురించి "ఎ ప్లంప్, చియర్‌ఫుల్ లేడీ" అని రాస్తే అందులో కాస్త ఆప్యాయత కూడా ఉంటుంది. కానీ ఆ లేడీతోనే "యూ ఆర్ ప్లంప్" అంటే శాలువా జారిపోతుంది, ఆవిడకు వినబడేది "లావుగా ఉన్నారు" అన్నదే. కాస్త, కొంచెం లాంటి మాటలు ముందు చేర్చితే దెబ్బ తగ్గుతుందని "ఎ బిట్ ప్లంప్", "ఆన్ ద ప్లంప్ సైడ్" అంటుంటారు. ఆనవాలు చెప్పేటప్పుడు అవి పనికొస్తాయి, ముఖం మీద మాత్రం ఏ చేర్పూ కాపాడదు.

పిల్లల గురించే అయినా పదేళ్ళు దాటాక ఆపేయండి. రెండేళ్ళ పాపకు ముద్దైన ప్లంప్, పన్నెండేళ్ళ పిల్లకు వెక్కిరింతే. చబ్బీ అనే మాటకూ ఇదే హద్దు.

స్టౌట్

ఈ మాట చరిత్ర తెలిస్తే దాని తిప్పలు తెలుస్తాయి. పాత ఫ్రెంచిలో దీనికి ధైర్యంగల, గర్వంగల అని అర్థం. ఇంగ్లీషులోకి అలాగే వచ్చింది. తర్వాత బలమైన, దృఢమైన అనే అర్థాలు చేరాయి. లావైన అనే అర్థం బాగా వెనక, 19వ శతాబ్దం మొదలయ్యే నాటికి గానీ రాలేదు. మన "బలుపు" ప్రయాణం దీనికి సరిగ్గా తలకిందులు: అది ఒంటి బలుపుతో మొదలై పొగరు దాకా వెళ్ళింది. పొగరూ ఒళ్ళూ ఒకే మాటలో కాపురం చేయడం మనకూ వాళ్ళకూ ఉన్నదే.

ఆ పాత అర్థాలు ఇంకా బతికే ఉన్నాయి. దుడ్డుకర్రను స్టౌట్ స్టిక్ అంటారు. గట్టి మోకును, మందపాటి తలుపును, కొండలెక్కే బూట్లను స్టౌట్ అంటే మెప్పు. చివరిదాకా లొంగని ప్రతిఘటనను స్టౌట్ డిఫెన్స్ అంటారు. ముదురు రంగు బీరుకు ఆ పేరు రావడం కూడా అది ఘాటైనది, బలమైనది అనే అర్థంలోనే. నిఘంటువులో ఈ అర్థాలన్నీ పక్కపక్కన చూసి, స్టౌట్ అంటే దిట్టంగా, పుష్టిగా ఉన్నాడనే పొగడ్త అని మనం పొరబడతాం. పొలం పనితో కండలు తిరిగిన పాతికేళ్ళ యువకుణ్ణి "హీ ఈజ్ స్టౌట్" అంటాం. వినేవాళ్ళ కళ్ళముందు మాత్రం బొజ్జ కనిపించే యాభై ఏళ్ళ పెద్దమనిషి నిలబడతాడు.

కర్రకు, తాడుకు, గుండెకు స్టౌట్ అంటే బలం. మనిషి ఒంటికి అంటే లావు. పైగా మనుషుల విషయంలో ఇది కొంచెం పాతకాలపు మాట. ఒకప్పుడు మర్యాదగా వాడిందే: 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలో లావుపాటి స్త్రీల దుస్తుల్ని "స్టైలిష్ స్టౌట్" అనే మాటతో అమ్మేవారు. ఈ రోజు ఏ కొట్టూ ఆ బోర్డు పెట్టదు. ఇప్పుడు స్టౌట్ కనిపించేది కథల్లో, కాస్త వయసు మళ్ళిన పాత్రల వర్ణనల్లో.

మరి ఆ యువకుణ్ణి ఏమనాలి? కండపుష్టి ఉంటే "వెల్-బిల్ట్" లేదా "మస్క్యులర్". పొట్టిగా, వెడల్పుగా, గట్టిగా ఉంటే "స్టాకీ". నిజంగా లావుగా, పెద్దగా ఉన్న మనిషి ఆనవాలు చెప్పాల్సి వస్తే "హెవీసెట్" గానీ, "లార్జ్ బిల్డ్" గానీ నొప్పించకుండా పని జరిపిస్తాయి. పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లలో ఒంటితీరు ఎంచుకోమనే చోట సాధారణంగా స్లిమ్, యావరేజ్, అథ్లెటిక్, హెవీ లాంటివి కనిపిస్తాయి. ప్లంప్, స్టౌట్ పెడితే వాటిని తమ మీద తామే టిక్కు పెట్టుకునేవాళ్ళు ఉండరు.

మూడో పని: వాక్యం కట్టడం

ఇక్కడ మనవాళ్ళందరూ చేసే తప్పు ఒకటుంది. బిల్డ్ అనాల్సినచోట బిల్ట్ అనడం. "మీడియం బిల్ట్", "హీ ఈజ్ హావింగ్ స్లిమ్ బిల్ట్" అని దరఖాస్తుల్లో కూడా రాస్తుంటారు. ఒంటితీరు అనే నామవాచకం బిల్డ్. కాబట్టి "హీ హాజ్ ఎ స్లిమ్ బిల్డ్", "ఎ మ్యాన్ ఆఫ్ మీడియం బిల్డ్". చివర ట వచ్చేది వెల్-బిల్ట్ లాంటి విశేషణంలోనే.

ఎత్తు ముందు, ఒంటితీరు తర్వాత రావాలి: "ఎ టాల్, స్లిమ్ వుమన్", "ఎ షార్ట్, స్టౌట్ మ్యాన్". తిప్పి "స్లిమ్ టాల్ వుమన్" అంటే అర్థమవుతుంది గానీ చెవికి గుచ్చుకుంటుంది. తారతమ్యం చెప్పేటప్పుడు స్లిమ్మర్, ప్లంపర్, స్టౌటర్ అనొచ్చు. స్లెండర్‌కు మాత్రం "మోర్ స్లెండర్" నోటికి సులువు.

తర్వాత, తెలుగులో కలిసిపోయి అర్థం మారిన రెండు ఇంగ్లీషు మాటల్ని పక్కన పెట్టండి. ఒకటి హెల్తీ. "పెళ్ళయ్యాక హెల్తీ అయింది" అని మనం లావును దాచడానికి వాడతాం. ఇంగ్లీషులో దానికి జబ్బు లేకపోవడమనే అర్థం తప్ప లావుతో సంబంధం లేదు. ఇంకోటి పర్సనాలిటీ. "మంచి పర్సనాలిటీ" అంటే మనకు ఆజానుబాహువు. ఇంగ్లీషువాడికి మంచి స్వభావం. "హీ హాజ్ ఎ బిగ్ పర్సనాలిటీ" అంటే గదిలోకి రాగానే నవ్వులూ కబుర్లూ మొదలుపెట్టే మనిషి అని వింటాడు, ఆరడుగుల మనిషి అని కాదు.

ఒక సందేశాన్ని దగ్గరగా చూద్దాం

మీరు డల్లాస్‌లో ఉంటున్నారనుకోండి. హైదరాబాద్ నుంచి మీ మామయ్య, అత్తయ్య, వాళ్ళ అబ్బాయి వస్తున్నారు. ఆ రోజు మీకు కుదరక, మీతో పనిచేసే అమెరికన్ స్నేహితుణ్ణి ఎయిర్‌పోర్టుకు వెళ్ళమన్నారు. ఫొటో ఉంటే పంపుతారు, అయినా ఫొటో పదేళ్ళ కిందటి పెళ్ళిలో తీసింది. కాబట్టి నాలుగు ముక్కలు రాయాలి. మామయ్యకు 58 ఏళ్ళు, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, ఒళ్ళు భారీ. అత్తయ్య బొద్దుగా ఉంటుంది. అబ్బాయికి 17 ఏళ్ళు, ఆరడుగులు దాటాడు, గాలేస్తే ఊగుతాడు.

చేతికొచ్చినట్టు రాస్తే మొదటి చిత్తు ఇలా ఉంటుంది: "మై అంకుల్ ఈజ్ షార్ట్ అండ్ స్టౌట్ విత్ గుడ్ పర్సనాలిటీ. ఆంటీ ఈజ్ ప్లంప్ అండ్ హెల్తీ. దెయిర్ సన్ ఈజ్ వెరీ స్కిన్నీ." దీన్ని చదివిన స్నేహితుడికి మామయ్య ఆకారం కొంత తెలుస్తుంది, కానీ కథల పుస్తకంలోంచి దిగొచ్చిన పాత్రలా. గుడ్ పర్సనాలిటీని విమానాశ్రయంలో ఎలా వెతకాలో తెలియదు. ఆంటీకి జబ్బులేమీ లేవని తెలిసి సంతోషిస్తాడు. ఇక సామాన్లు ఎక్కించాక "ఇదిగో, మీవాడు ఏం రాశాడో చూడండి" అని సరదాగా ఫోను చూపించాడంటే, ఇంటికొచ్చాక అత్తయ్య మొహం మీరే చూసుకోవాలి.

ఇప్పుడు ఒక్కొక్కటీ మారుద్దాం. మామయ్యకు "షార్ట్ అండ్ స్టౌట్" తీసేసి, "ఇన్ హిజ్ లేట్ ఫిఫ్టీస్, అబౌట్ ఫైవ్ ఫోర్, హెవీసెట్, విత్ ఎ గ్రే మూస్టాష్" అని రాయండి. వయసు, కొలత, మీసం కలిసి ఆనవాలు తేలికగా దొరుకుతుంది, ఎత్తును అంకెలో చెప్పడం వల్ల పొట్టి అనే మాటే అక్కర్లేకుండా పోయింది. అబ్బాయికి స్కిన్నీ బదులు "ఎ టాల్, ల్యాంకీ టీనేజర్" పెట్టండి. ఇక్కడ ల్యాంకీ సరిగ్గా అతుకుతుంది: కుర్రాడు, పొడుగు, సన్నం మూడూ ఉన్నాయి, అతను చదివినా నవ్వుకుంటాడు.

అత్తయ్యకు ఏం రాయాలి? ప్లంప్ కంటే మర్యాదైన మాట కోసం వెతకొద్దు. ఆవిడ ఒంటి గురించి అసలు రాయొద్దు. "షి విల్ బి ఇన్ ఎ గ్రీన్ సిల్క్ శారీ" అని రాయండి. డల్లాస్ ఎయిర్‌పోర్టులో ఆకుపచ్చ పట్టుచీర చాలా దూరం నుంచే కనబడుతుంది. ఒంటితీరు అవసరమయ్యేది మనిషిని గుర్తుపట్టడానికే అయితే, దానికంటే బాగా గుర్తుపట్టించేది ఏదైనా ఉన్నప్పుడు దాన్నే చెప్పడం ఇంగ్లీషు మర్యాదలో పెద్ద భాగం. చీర, కళ్ళజోడు, జడ, సంచి రంగు ఎవరినీ నొప్పించవు.

ముఖం మీద అనాల్సి వస్తే

చాన్నాళ్ళకు కలిసిన మనిషి సన్నబడ్డాడు. స్లిమ్ అందామా? అతను వ్యాయామం చేస్తున్నాడని, బరువు తగ్గాలని కష్టపడుతున్నాడని మీకు ముందే తెలిస్తే "యూ లుక్ స్లిమ్" అనొచ్చు, సంతోషిస్తాడు. తెలియకపోతే వద్దు. ఆ తగ్గుదల జ్వరం వల్లో, దిగులు వల్లో అయ్యుండొచ్చు. అప్పుడు స్లిమ్ కూడా గుచ్చుకుంటుంది. "యూ లుక్ వెల్" అనేది కారణం ఏదైనా చెల్లుతుంది. ఆఫీసులో, ముఖ్యంగా మగవాళ్ళు ఆడ సహోద్యోగులతో మాట్లాడేటప్పుడు, ఒంటి మీద మెప్పు కూడా వద్దు. స్లెండర్ అయితే మరీ వద్దు.

లావైన మనిషికి దీనికి సరిజోడు మాట లేదు. "కాస్త ఒళ్ళు చేశావు, బాగున్నావు" అనే తెలుగు వాక్యానికి ఇంగ్లీషులో పొందికైన అనువాదం లేదు. అందులోని రెండో ముక్క మాత్రమే అనాలి. డాక్టరు దగ్గరైతే ఈ ఐదు మాటల్లో ఏదీ అక్కర్లేదు. బరువు కిలోల్లో చెప్పండి, మూడు నెలల్లో ఎంత పెరిగిందో తగ్గిందో చెప్పండి. అక్కడ ప్లంప్ అంటే చమత్కారంగా ఉంటుంది తప్ప సమాచారం కాదు.

అనుకోకుండా నోరు జారి, "యూ హావ్ బికమ్ ఫ్యాట్" అనేశారు. అవతలి మనిషి నవ్వు ఆగిపోయింది. అప్పుడు మన భాషలో అది ప్రేమగా అనే మాటని, మా పిన్ని ఇలాగే అంటుందని వివరణ మొదలుపెట్టకండి. ప్రతి వాక్యంతోనూ ఫ్యాట్ అనే మాట మళ్ళీ మళ్ళీ వినబడుతుంది. "సారీ, దట్ కేమ్ అవుట్ రాంగ్. ఇట్స్ గుడ్ టు సీ యూ" అనేసి, ప్రయాణం ఎలా జరిగిందో అడగండి.